తోక ఆడించని డాల్ఫిన్

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండు మూడు సార్లయినా ఒకే రకం వీడియో వస్తుంది. సముద్రంలో పడవ వెళ్తూ ఉంటుంది, దాని ముందు డాల్ఫిన్లు ఎగురుతూ, అలల మీద జారుతూ ఉంటాయి. కింద "మనుషులకు స్వాగతం చెబుతున్నాయి చూడండి" అని రాసి ఉంటుంది. దాని కింద వరసగా దండాలు, హార్టులు. పోయిన నెల వచ్చినప్పుడు మా అక్క ఇంట్లో భోజనం చేస్తున్నాను. బావగారికి చూపించాను. ఆయన టీ.నగర్‌లో ఆడిటర్. పప్పులో నెయ్యి వేసుకుంటూ ఒకసారి ఓరగా చూసి, "స్వాగతమా, పాడా! టికెట్ లేకుండా లారీ ఎక్కినట్టు. పెట్రోలు నీది, ప్రయాణం దానిది," అన్నారు.

నాకు రెండు మాటలూ నచ్చలేదు. మొదటిది తప్పని అందరూ ఒప్పుకుంటారు కాబట్టి దాని మీద ఎక్కువ కోపం రాలేదు. బావగారి మాటే రాత్రంతా నలిగింది. అందులో సగం నిజం ఉంది, ఆ సగం నా వృత్తికి సంబంధించినది.

నేను చెన్నైలో ఓడల డిజైన్ ఆఫీసులో పని చేస్తాను. రోజంతా కంప్యూటర్లో ఓడ ముక్కు గీయడం, అది నీటిని ఎంత తోస్తుందో చూడడం, ఆ తోపుడు తగ్గించడం. ముక్కు దగ్గర నీరు ఎంత పోగయితే డీజిల్ అంత తగలబడుతుంది. మేం జీతం తీసుకుని తగ్గించాలని చూసే ఆ పోగునే డాల్ఫిన్ వెతుక్కుంటూ వస్తుంది. ఈ సంగతి పుస్తకాల్లో చదివినా, కళ్ళతో చూసింది మాత్రం ఒక్కసారే. నాలుగేళ్ళ కిందట, ఫిబ్రవరిలో.

కాశిమేడు నుంచి చేపలకు వెళ్ళే ఒక స్టీలు బోటుకి కొత్త ఇంజన్ బిగించారు. బోటు అదిరిపోతోందని యజమాని గోల. ఆ అదురు కొలవడానికి నన్ను పంపారు. సరంగుది నెల్లూరు వైపు ఊరు, మూడు తరాలుగా కాశిమేడులోనే ఉంటున్నారు. తెలుగులో మాట మొదలుపెట్టి అరవంలో ముగించే మనిషి. తెల్లవారుజామున బయల్దేరాం. ఒడ్డు కనుమరుగయ్యాక గంటన్నరకి, నేను ఇంజన్ గదిలో మీటరు పట్టుకుని చెమటలు కక్కుతుంటే, పైనుంచి కేక వినిపించింది: "సార్, ఓంగిల్ వచ్చింది, రండి!" ఓంగిల్ అంటే అరవంలో డాల్ఫిన్.

ముందు కొసకి వెళ్ళి బోర్లా పడుకుని కిందికి చూశాను. ముక్కుకి మీటరున్నర ముందు, నీటికి కాస్త లోపల నాలుగు ఉన్నాయి. సన్నగా పొడుగ్గా మూతి, వీపు ముదురు బూడిద రంగు, పక్కలు లేత బూడిద, పొట్ట తెలుపు. ఎగిరి గిరగిరా తిరిగే స్పిన్నర్ డాల్ఫిన్లు. మిగతావి అటూ ఇటూ ఎగురుతున్నాయి. నా కళ్ళు మాత్రం కిందున్న ఒక్కదాని మీదే ఆగిపోయాయి. దాని వీపు మీద పాత గీతలు నాలుగు, బల్లెం మీద గీరుకున్నట్టు. తల మీద ఊపిరి రంధ్రం తెరుచుకోవడం, మూసుకోవడం కనిపిస్తోంది. బోటు ఎనిమిది నాట్లలో, అంటే సెకనుకి సుమారు 4 మీటర్లు వెళ్తోంది. ఆ డాల్ఫిన్ కూడా అంతే వేగం. కానీ తోక ఆడడం లేదు. చేతిలో స్టాప్‌వాచ్ ఉండబట్టి చూశాను: ఇరవై రెండు సెకన్లు తోక కదల్లేదు. మధ్యలో ఒకసారి పక్కకి ఒత్తిగిలి, ఒక కంటితో పైకి చూసి, మళ్ళీ నిటారుగా అయింది. అప్పుడూ వెనకబడలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. ఓడ ముందు డాల్ఫిన్ తోక ఆడించకుండా ఓడతో సమానంగా వెళ్తోందని 1948లో వుడ్‌కాక్ అనే శాస్త్రవేత్త 'నేచర్' పత్రికలో రాశాడు. ఆ తర్వాత పదేళ్ళ పైన "ఎలా?" అని వాదులాడుకున్నారు. 1959లో షోలాండర్ అనే ఆయన, డాల్ఫిన్ తోక రెక్కని ఒక కోణంలో వంచి పెట్టి ఉంచితే పైకి లేచే నీరు దాన్ని ముందుకి తోస్తుందన్నాడు. హేస్ అనే ఆయన అంతకు ముందే, 1953లో, తోక ఒక్కటే కాదు, ఒళ్ళంతా తోయబడుతుందని చెప్పాడు. నేను హేస్ పక్షం. కారణం ఆ ఒత్తిగిలిన డాల్ఫినే. తోక రెక్క అడ్డంగా ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే ఉపాయం అయితే, పక్కకి తిరగ్గానే అది పడవ కిందికి పోవాలి. పోలేదు.

హేస్ చెప్పిన లెక్క మన బోటుకి వేసి చూద్దాం. కష్టం కాదు, కాగితం మీద నాలుగు గీతలు.

నీళ్ళలో మునిగిన దేన్నయినా నీరు పైకి తోస్తుంది. కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ కాబట్టి. డెబ్భై కిలోల డాల్ఫిన్‌ని నీరు సుమారు డెబ్భై కిలోల బలంతో ఎత్తి పట్టుకుంటుంది. మామూలుగా ఆ తోపు నిట్టనిలువుగా ఉంటుంది. కానీ పడవ ముక్కు ముందు ఇంకో ఒత్తిడి ఉంది. ముక్కు నీటిని నెడుతోంది, ఆ నీరు తప్పుకోవడానికి కొంచెం టైం పడుతుంది, ఆలోగా అక్కడ పోగవుతుంది. సెకనుకి 4 మీటర్ల వేగంలో, సరిగ్గా ముక్కు కొసన ఆ అదనపు ఒత్తిడి సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తు నీటికి సమానం. ముందుకి పోయే కొద్దీ తగ్గుతుంది, బోటు ముక్కు వెడల్పు ఎంతో దాదాపు అంత దూరంలో చాలావరకు చల్లారిపోతుంది. అంటే డాల్ఫిన్ తోక దగ్గర ఒత్తిడి ఎక్కువ, మూతి దగ్గర తక్కువ. నీటి తోపు నిలువుగా కాకుండా కాస్త ముందుకి వాలుతుంది. ఏటవాలు మీద సైకిల్ తొక్కకుండా వదిలేసినట్టే, కాకపోతే ఆ వాలు నీటి లోపల ఉంది, పైగా మనతో పాటే కదులుతోంది.

ఎంత వాలు కావాలి? రెండు మీటర్ల పొడవున్న నున్నటి డాల్ఫిన్‌ని ఆ వేగంలో నీరు వెనక్కి లాగే బలం, నా అంచనాలో, సుమారు నాలుగు కిలోల పైచిలుకు. డెబ్భై కిలోల తోపులో నాలుగు కిలోలు ముందుకి మళ్ళాలంటే మీటరుకి 6 సెంటీమీటర్ల వాలు చాలు. పైకి దగ్గరగా ఈదినప్పుడు అలలు రేగి ఆ లాగుడు పెరుగుతుంది కాబట్టి రెట్టింపు వేసుకుందాం: మీటరుకి 12. అక్కడ ఉన్నదేమో రెండు మీటర్లలో 80 సెంటీమీటర్లు. కావలసినదానికి మూడు రెట్లకు పైనే. అందుకే నాలుగు డాల్ఫిన్లు కాస్త ముందూ వెనకా ఉన్నా అన్నీ నిలబడగలిగాయి. అందుకే మరీ ముందుకి పోయినది మాత్రం తోక ఆడించక తప్పలేదు. సన్నటి కత్తిలాంటి ముక్కున్న ఫైబర్ పడవ ముందు ఈ చోటు చిన్నది, మొద్దు ముక్కు ఓడ ముందు పెద్దది.

ఈ లెక్కలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వేగం రెట్టింపయితే ముక్కు ముందు ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, డాల్ఫిన్‌ని వెనక్కి లాగే బలమూ నాలుగు రెట్లవుతుంది. రెండూ సమానంగా పెరుగుతాయి. కాబట్టి నెమ్మదిగా పోయే పడవ ముందు జారగలిగిన డాల్ఫిన్ వేగంగా పోయే పడవ ముందు కూడా జారగలదు. కానీ నెమ్మదిగా పోయే పడవ ముందు జారి మిగిలేది ఏమీ లేదు, ఆ వేగంలో ఈదడమే చవక. 1992లో టెర్రీ విలియమ్స్ బృందం, మచ్చిక చేసిన డాల్ఫిన్లని పడవతో పాటు సముద్రంలో ఈదించి, గుండె వేగం, ఊపిరి, రక్తంలో లాక్టేట్ కొలిచింది. సెకనుకి 2.1 మీటర్లు సొంతంగా ఈదితే ఎంత అలసటో, పడవ రేపిన అల మీద 3.8 మీటర్లు పోయినా దాదాపు అంతే, లేదా అంతకన్నా తక్కువ. పడవ వేగం 3 మీటర్లు దాటితే అవి ఈత మానేసి అల ఎక్కేవి.

ఇక్కడి దాకా చదివితే బావగారు గెలిచినట్టే. టికెట్ లేని ప్రయాణం నిజం, చార్జీ కూడా లెక్క తేలింది. నేను ఒప్పుకోనిది ఆ మాటలో దాగి ఉన్న ఇంకో మాట: అందుకోసమే వస్తాయన్నది.

ఆ రోజు అవి వచ్చింది తూర్పు వైపు నుంచి. సరంగు చెప్పడం, ముందు దూరంగా నీటి మీద తెల్లటి తుంపర కనిపించిందట, అర కిలోమీటరు ఉంటుందట, తర్వాత ఒక్కసారిగా దూసుకొచ్చాయట. మేం ఆ సమయానికి పడమటి వైపు, ఒడ్డు కేసి తిరిగాం. పది పన్నెండు నిమిషాలు మాతో ఒడ్డు వైపు వచ్చాయి. తర్వాత తిరిగి తూర్పుకే పోయాయి. ఒక ఆడిటర్ ఈ ట్రిప్పు షీటు చూస్తే ఏమంటాడు? తను వెళ్ళాల్సిన వైపు కాదు. బస్సు పట్టుకోవడానికి అర కిలోమీటరు ముక్కు మూసుకుని పరుగెత్తాడు. ఎక్కి మూడు కిలోమీటర్లు ఉల్టా దిశలో పోయాడు. దిగి అంత దూరమూ సొంత కాళ్ళ మీద వెనక్కి నడిచాడు. ఇందులో ఆదా ఎక్కడ? పడవ తమ దారినే పోతుంటే ఆదా ఉంటుంది, విలియమ్స్ కొలతలు దానికి సాక్ష్యం. కానీ తమ దారి వదిలి వచ్చి, ఆడి, తిరిగి పోయే డాల్ఫిన్‌కి అది శుద్ధ నష్టం. వీడియోల్లో చివరి దాకా చూస్తే చాలాసార్లు ఇదే జరుగుతుంది, చివరి దాకా ఎవరూ చూడరు.

ఎగరడం గురించి కూడా ఇలాంటి సగం నిజమే ఒకటి తిరుగుతోంది. 1980లో ఔ, వైస్ అనే ఇద్దరు, డాల్ఫిన్ వేగంగా పోయేటప్పుడు నీటిపైకి దూకుతూ పోవడమే తక్కువ ఖర్చని లెక్కవేసి చూపించారు. ఊపిరి కోసం ఎలాగూ పైకి రావాలి. పైపొరలో ఈదితే అలలు రేగి లాగుడు విపరీతంగా పెరుగుతుంది. వేగం ఒక హద్దు దాటాక, ఆ పైపొరని గాల్లో దాటేయడమే నయం. ఇది సరైన మాటే, కానీ ఒక రకం దూకుడుకే. సూది గుచ్చినట్టు బయటికొచ్చి, చిన్న వంపు తిరిగి, మూతి ముందు పెట్టి నీళ్ళలో దిగే దూకుడు అది. నీళ్ళు పెద్దగా చిందవు. చింది పోయిన నీరంతా పారబోసిన బలమే కాబట్టి, చిందకుండా దిగితేనే లెక్క కుదురుతుంది.

మా బోటు పక్కన ఎగిరినవి అలాంటివి కావు. ఒకటి దాదాపు మూడు మీటర్లు, మా డెక్కు మీద నిలబడ్డ మనిషి తల కన్నా పైకి లేచి, తన చుట్టూ తను నాలుగైదు చుట్లు తిరిగి, పక్క మీద ధబ్‌మని పడింది. నా చొక్కా తడిసింది, మీటరు తడిసింది (దానికి తర్వాత ఆఫీసులో తిట్లు కూడా తిన్నాను, అది వేరే కథ). దాని లెక్క నోటితోనే వేసుకోవచ్చు. డెబ్భై కిలోలని మూడు మీటర్లు ఎత్తాలి: 210. ఇందాక బోటు వేగంలో నీరు వెనక్కి లాగే బలం నాలుగు కిలోల చిల్లర అనుకున్నాం. 210ని దానితో భాగిస్తే 50 మీటర్లు. అంటే ఆ ఒక్క ఎగురుకి పెట్టిన పనితో బోటు పక్కనే 50 మీటర్లు ఈదుకుంటూ పోవచ్చు. మూతి ముందు పెట్టి దిగితే అందులో కొంత వేగంగా తిరిగొచ్చేది. పక్క మీద పడి మొత్తం చప్పుడుగా, తుంపరగా ఖర్చు పెట్టేసింది.

మరి ఎందుకు? స్పిన్నర్ల విషయంలో ఒక మంచి వివరణ ఉంది. రెమోరా అనే చేప తల మీది పట్టుతో డాల్ఫిన్ ఒంటికి అతుక్కుని ఉంటుంది. గిరగిరా తిరిగి పక్క మీద పడితే ఆ విసురుకి అది ఊడిపోవడానికి అవకాశం ఉందని 2007లో వైస్, ఫిష్, నికాస్ట్రో లెక్కగట్టారు. ధబ్‌మన్న చప్పుడు నీళ్ళలో దూరం పోతుంది కాబట్టి మిగతావాటికి కబురు అనే మాటా ఉంది. రెండూ నమ్మదగ్గవే. రెండూ ఆదా మాత్రం కావు. ఒడ్డున నిలబడి ఇది ప్రయాణమా, ఇంకేదైనానా అని తెలుసుకోవాలంటే ఎత్తు చూడక్కర్లేదు, దిగడం చూడాలి. సూదిలా దిగితే ప్రయాణం, గోనెసంచిలా పడితే ఇంకేదో.

ఇంకేదో అన్నచోట నేను ఆట అంటాను. బావగారు దీనికి నవ్వుతారు: "తెలియనిదానికి ఆట అని పేరు పెట్టడం." అది న్యాయమైన అభ్యంతరమే. జంతువు ఏం చేసినా కారణం తోచకపోతే ఆట అనేయడం మనకి అలవాటు. కాబట్టి ఆట అంటే ఇలా ఉండాలి అని ముందే చెప్పి, తర్వాత చూడాలి. ఎవరూ బలవంతం చేయకూడదు. అప్పటికప్పుడు ఒరిగేది ఏమీ ఉండకూడదు. మళ్ళీ మళ్ళీ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, భయం వస్తే ముందు మానేసేది ఇదే కావాలి. పిల్లలు కూడా అంతే కదా, ఇంట్లో టెన్షన్ ఉన్న రోజు తిండి మానరు, ఆట మానేస్తారు.

ఆ చివరి పరీక్ష సముద్రంలో పెద్ద ఎత్తున జరిగింది. తూర్పు పసిఫిక్‌లో ట్యూనా చేపలు డాల్ఫిన్ల గుంపుల కింద తిరుగుతాయి. అందుకని ట్యూనా ఓడలు డాల్ఫిన్లని తరిమి, చుట్టూ వల వేసి మూసేవి. దశాబ్దాల పాటు లక్షల్లో చచ్చాయి. అందులో స్పిన్నర్లు, చుక్కల డాల్ఫిన్లు ఎక్కువ. వేరే సముద్రాల్లో పడవ కనిపిస్తే ముక్కు ముందుకి పరుగెత్తే ఇవే జాతులు అక్కడ ఓడ కనిపిస్తే చాలు, దూరంగా పారిపోవడం మొదలుపెట్టాయి. ఓడ ముందు ఒత్తిడి అక్కడా అంతే. ఉచిత ప్రయాణం అక్కడా ఉంది. జపాన్‌లో డాల్ పోర్పాయిస్ అనే, డాల్ఫిన్‌కి దగ్గరి చుట్టానికి ఇంకో రకం అనుభవం. పడవ ముందు జారడానికి వచ్చిన దాన్నే వేటగాళ్ళు ముక్కు మీద నిలబడి బల్లెంతో పొడిచేవారు. స్వాగతం అని దండాలు పెట్టే వాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. గ్రూపులో పెడితే ఎవరూ పలకరని ఊరుకుంటాను.

స్వాగతం మాటకి నా దగ్గర ఇంకా చిన్న సాక్ష్యం ఉంది. కొలతల కోసం మధ్యలో ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టమన్నాను. బోటు వేగం తగ్గుతుంటే కిందున్న నాలుగూ ఒకటొకటిగా తోక ఆడించడం మొదలుపెట్టాయి. వాలు చదునైపోయిందన్న మాట. పూర్తిగా ఆగేలోపే చెదిరిపోయాయి. మేం తొమ్మిది మందిమి అక్కడే, అదే ముక్కు మీద, చేతులూపుతూ, ఒకాయన ఈల వేస్తూ నిలబడ్డాం. ఒక్కటీ తిరిగి చూడలేదు. మళ్ళీ గేరు వేసి ఎనిమిది నాట్లకి రాగానే మూడు తిరిగొచ్చాయి. వీపు మీద గీతలున్నది అందులో లేదు.

పడవలు పుట్టక ముందు ఏం చేసేవి అని మా అక్క అడిగింది, చేతులు కడుక్కుంటూ. పెద్ద తిమింగలాల తల ముందు కూడా డాల్ఫిన్లు ఇలాగే జారుతాయి, తుఫాను రేపిన పెద్ద అలల మీదా, ఒడ్డున విరిగే అలల మీదా జారుతాయి. పడవ ఆ వరసలో చివర వచ్చింది. "అయితే పడవని చేప అనుకుంటాయా?" అంది. అనుకోవు. వాలు అనుకుంటాయి.

బావగారు చివరి దాకా ఒప్పుకోలేదు. "నష్టమని తెలిస్తే ఏ జీవీ చెయ్యదు, ఎక్కడో లాభం దాగి ఉంటుంది, నీకు కనిపించలేదంతే." దాగి ఉండొచ్చు. ఆడుకున్న పిల్లకి వేగంగా పోయే పెద్దవాటి వెంట నిలబడడం వస్తుందేమో, వేటకి అక్కరకొస్తుందేమో. నేను దాన్ని కొట్టెయ్యను. కానీ పెట్రోలు లెక్క కాదు అది. ఆయన మొదట చెప్పింది పెట్రోలు లెక్క.

నిజానికి ఆ లెక్క సరిపోదని నాకు బోటెక్కిన రోజు సాయంత్రమే తెలిసింది, ఆలోచించకుండానే. తిరిగొస్తూ చెన్నై హార్బరు కనిపించే దూరంలోకి వచ్చాం. అక్కడ రెండు డాల్ఫిన్లు తేలాయి. వేరే రకం, వీపు మీద మూపురంలా ఉబ్బు, దాని మీద చిన్న రెక్క. హంప్‌బ్యాక్ డాల్ఫిన్లంటారు, లోతు తక్కువ నీళ్ళలో, ఒడ్డు దగ్గరే తిరుగుతాయి. నేను మళ్ళీ ఉత్సాహంగా ముందు కొసకి వెళ్ళి బోర్లా పడుకున్నాను. అదే బోటు, అదే ముక్కు, అవే ఎనిమిది నాట్లు, అదే 80 సెంటీమీటర్ల ఒత్తిడి. మా ముందు నుంచే అడ్డంగా దాటాయి. ఒక్కసారి ఊపిరి తీసుకుని మునిగాయి, తేలేసరికి మా వెనక ఉన్నాయి.

సరంగు చుక్కాని దగ్గర నుంచే నవ్వాడు. "లేవండి సార్, చొక్కా నలుగుతుంది. ఇవి రావు. మా తాత టైం నుంచి చూస్తున్నాం, వీటికి ఈ ఆట పట్టదు."